పొడుగు గ్లాసు, పొట్టి చెంబు

దేవుడు నాకు చేసిన మేళ్లు చాలా ఉన్నాయి. వాటిలో ఒకటి ఒక స్టీలు గ్లాసు.

మా ఊళ్ళో ఎటు చూసినా పత్తి, మిరప. మిరపకోతల్లో ఎండ నడినెత్తికి వచ్చే వేళ, ఆసామి భార్య కుండెడు మజ్జిగతో పొలం గట్టుకు వచ్చేది. మగవాళ్ళకు పొట్టి సత్తు చెంబుతో, ఆడవాళ్ళకు పొడుగు స్టీలు గ్లాసుతో దోసిట్లో పోసేది. మా వాళ్ళకు ఆమె పాత్ర నోటికందేది కాదు. దోసిట్లో తాగేవాళ్ళకు ఎంత పోశారో ఏం తెలుస్తుంది? పడ్డది పడ్డట్టు గొంతులోకి పోతుంది.

ఒకరోజు మా అమ్మ, "ఇంకాస్త పొయ్యండమ్మగారూ, నాలుక పిడచగట్టుకు పోతంది" అంది.

"మగాళ్ళకి పొట్టి చెంబు, మీకు ఇంత పొడుగు గ్లాసు. అయినా చాల్లేదంటే అది కడుపా, నీళ్ళకాగా?"

అందరూ నవ్వారు. మా అమ్మ కూడా నవ్వింది. ఆ తర్వాత ఎప్పుడూ రెండోసారి దోసిలి పట్టలేదు. గట్టు మీద అమ్మ పక్కన కూర్చున్న నేను ఆ నవ్వు మర్చిపోలేదు.

నేను బడికి పోలేదు. చర్చిలో ఉపదేశిగా ఉన్న మా నాన్న ఇంట్లోనే బైబిలు ముందేసుకుని అక్షరాలు దిద్దించాడు. ఆ చదువుతోనే, ఎనభైల్లో చర్చి వరండాలో పసిపిల్లలకు బాలవాడి పెట్టినప్పుడు నన్ను టీచరమ్మగా పెట్టారు. గుంటూరులో శిక్షణ ఇప్పించారు. అక్కడ నేర్పిన వాటిలో నీళ్ళాట ఒకటి. ఒక తొట్టి నీళ్ళు, నాలుగు కప్పులు, సీసాలు. ఏది ఎక్కువ పడుతుందో పిల్లలు ముందు అనుకోవాలి. కాగితం మీద రెండు గళ్లు. మొదటి గడిలో అనుకున్న పాత్ర బొమ్మకు సున్నా చుట్టాలి. తర్వాత ఒకే కప్పుతో నిండుగా కొలిచి, తేలింది రెండో గడిలో గుర్తు పెట్టాలి. తప్పయినా సరే, మొదటి గడి చెరపకూడదు.

ఆ చివరి మాట వినగానే నాకు మా అమ్మ నవ్వు గుర్తొచ్చింది.

తల్లులు చూడ్డానికి వచ్చే రోజున నీళ్ళాట పెట్టాను. బాలవాడికి బోరు నీళ్ళిచ్చేది ఆసామి ఇంటివాళ్ళే గనక ఆమెను పెద్దమనిషిగా పిలిచాను. "పొలానికి తెచ్చే గ్లాసూ చెంబూ ఒక్కపూట ఇప్పించండమ్మగారూ, పిల్లల ఆటకి" అన్నాను. పిల్లల ఆటే కదా, తర్వాత తోమించుకోవచ్చు అని ఇచ్చింది.

తల్లులంతా వరండా మెట్ల మీద కూర్చున్నారు. అందరూ కోత కూలీలే. ముందు మందుసీసా, నూనెసీసా కొలిపించాను. తర్వాత గ్లాసూ చెంబూ బల్ల మీద పెట్టాను. పిల్లలంతా ఒక్కరు తప్పకుండా పొడుగు గ్లాసుకే సున్నా చుట్టారు.

"మీరు కూడా ఒక సున్నా చుట్టండమ్మగారూ. పిల్లలు సంతోషిస్తారు."

పెన్సిలు చేతికిచ్చాను. గ్లాసుకు చుడితే అందరి ముందూ తప్పని తేలుతుంది. చెంబుకు చుడితే సంగతి ముందే తెలుసని ఒప్పుకున్నట్టు. రెండిట్లో ఏదైనా నాకు చాలు.

ఆమె కాగితం కేసి చూసింది. మెట్ల కేసి చూసింది. పిల్లల ముందు ఓడిపోవడం ఇష్టం లేకపోయిందేమో, చెంబుకు చుట్టింది.

పిల్లల చేతనే కొలిపించాను. గ్లాసులో మూడు కప్పులు పట్టాయి, నాలుగోది అంచు దాటి పళ్ళెంలోకి పొర్లింది. చెంబులో అయిదు పట్టాయి.

"అమ్మగారే గెలిచారు" అని ఒక పిల్ల చప్పట్లు కొట్టింది.

తల్లులెవరూ కొట్టలేదు. ఒక ముసలామె కొంగుతో మూతి తుడుచుకుని, "అమ్మగారికి ఎరికేనన్నమాట" అంది. "మనకే తెలవలా. పొడుగ్గా ఉంటే ఎక్కువనుకున్నాం, పసోళ్ళల్లే."

"ఆటలో మాటలేంటే" అంది ఆసామి భార్య. లేచి చెప్పులేసుకుంది. గ్లాసు, చెంబు కూడా మర్చిపోయి వెళ్ళింది; మర్నాడు నేనే తిరిగి పంపాను. ఆమె సున్నా చుట్టిన కాగితాన్ని నేను వరండా గోడకు అంటించాను. శిక్షణలో అలాగే చెయ్యమన్నారు. పిల్లల కాగితాల మధ్య, అందరికీ కనపడే ఎత్తులో.

ఆ ఏడు కోతలు మొదలైన రోజు మా అమ్మ దోసిలి పట్టి, "చెంబుతో పొయ్యండమ్మగారూ" అందట. వెనక ఆడవాళ్ళంతా అదే మాట అన్నారట. ఆమె గ్లాసు పక్కన పెట్టి చెంబు ముంచింది. మోచేతుల దాకా కారేట్టు తాగానని అమ్మ ఇంటికొచ్చి చెప్పింది, మజ్జిగ మరకలు కట్టిన రవిక చూపిస్తూ.

సాయంత్రం ప్రార్థనలో మోకరించి దేవుడికి కృతజ్ఞత చెప్పుకున్నాను. ఆమెను క్షమించే మనసు ఇమ్మని మాత్రం ఆ రోజు అడగలేదు.