రెండు బ్యాండ్లకూ ఒకే పేరు

ఏ ఇంట్లో పని ముగిసినా జయపాల్ రౌటర్ కింద వైఫై పేరు రాసిన చీటీ అంటించి, దాని మీద వేలితో రెండుసార్లు తట్టేవాడు. "ఒకటే పేరండీ. ఇల్లంతా ఇదే."

ఇబ్రహీంపట్నంలో పదకొండేళ్లుగా అతనిది ఇదే పని. మొదట కేబుల్, ఇప్పుడు ఫైబర్. రౌటర్‌లో రెండు బ్యాండ్లు, అంటే రెండు రకాల సిగ్నళ్లు, ఉంటాయి. ఒకటి వేగమైనది, గోడలు దాటితే నీరసిస్తుంది. ఇంకొకటి నెమ్మది, దూరం వెళ్తుంది. రెండు పేర్లు పెడితే ఏది నొక్కాలని జనం ఫోన్లు చేస్తారు. అందుకే అతను ఒక్క పేరే పెట్టేవాడు.

ఆ మంగళవారం మూడున్నరకి, అతను కనెక్షన్ ఇచ్చిన ఒక ఇంటి నుంచి ఉషశ్రీ ఫోన్ చేసింది. అత్తగారు తెరేసమ్మ తుంటి విరిగి వెనక గదిలో మంచం మీద ఉంది. చల్లపల్లిలో తెరేసమ్మ చెల్లెలు పోయింది. నాలుగింటికి సమాధి. లైవ్ పెట్టారు. ఆ గదిలో టీవీకి తగిలించిన నెట్ స్టిక్‌లో బొమ్మ ఆగిపోతోంది.

జయపాల్ వచ్చి హాల్లో ఫోన్‌తో చూశాడు. "లైన్ బాగానే ఉందండీ."

"మీ లైన్ బాగుంటే ఈవిడ ఎందుకు ఏడుస్తున్నట్టు?"

వెనక గదిలో టీవీ తెర మీద చక్రం తిరుగుతోంది. రెండు గోడల అవతల నుంచి స్టిక్ వేగమైన బ్యాండ్‌నే పట్టుకుంది. ఆపి మళ్లీ వేశాడు. మళ్లీ అదే పట్టుకుంది. జాబితాలో పేరు ఒక్కటే. ఇది వద్దు, అది కావాలని చెప్పే చోటు లేదు. రౌటర్‌ని దగ్గరికి తెద్దామంటే వైరు చాలదు.

"ఫోన్లో చూడత్తయ్యా."

"చీమంత కనపడతాది. మొహం ఆనదు."

"రేపు మళ్లీ పెడతారుగా, అప్పుడు చూద్దువులే."

"రేపటికి మట్టిలో ఉంటదే అది."

జయపాల్ హాల్లోకి పరుగెత్తి, ఫోన్లో రౌటర్ పేజీ తెరిచాడు. బ్యాండ్లను కలిపే మీట ఆపాడు. నెమ్మది బ్యాండ్‌కి వేరే పేరు పెట్టాడు. రౌటర్ లైట్లు ఆరాయి. మూడు నిమిషాలు వెలగలేదు.

టీవీలో కొత్త పేరు కనిపించింది. రిమోట్‌తో ఒక్కో అక్షరమే నొక్కాలి. పాస్‌వర్డ్ పన్నెండు అక్షరాలు. ఒకటి తప్పింది. మళ్లీ మొదటి నుంచి.

"బాబూ, వచ్చిందా?"

"వస్తందమ్మా. వచ్చేస్తంది."

వచ్చింది. బొమ్మ ఎక్కడా ఆగలేదు. గోతిలోని పెట్టె మీద మనుషులు గుప్పెళ్లతో మట్టి వేస్తున్నారు.

"మూత వేసేశారా బాబూ?"

జయపాల్ రిమోట్ మంచం మీద పెట్టి బయటికి నడిచాడు.

మర్నాడు ఉదయం ఏడింటికి, ఎవరూ పిలవకుండానే, ఇరవై మీటర్ల వైరు చుట్ట భుజాన వేసుకుని వచ్చాడు. రెండు గోడలకీ చిల్లులు పెట్టి, రౌటర్‌ని తెరేసమ్మ గదిలో బిగించాడు.

"నిన్నటి వీడియో పెట్టమంటారా అమ్మా?"

"వద్దు నాయనా."

అతను నేల మీద రాలిన సున్నం చేత్తో ఎత్తి, బయట పారబోశాడు.