మెట్లు దిగని మంచాలు

నర్సు జమీలాకి రోజూ మొదటి పని, మగవాళ్ల వార్డుకీ ఆడవాళ్ల వార్డుకీ మధ్యనున్న తలుపుకి అడ్డంగా బంధువులు పెట్టే క్యారేజీలు, చాపలు తీయించడం. ఆ వార్డులు చిలకలూరిపేట ఆసుపత్రి పై అంతస్తులో ఉన్నాయి.

ఆ మధ్యాహ్నం మగవాళ్ల వార్డులో ఏసీ అంటుకుంది. ఆక్సిజన్ మీదున్న తండ్రి యలమందను బాపయ్య భుజానికెత్తుకోబోయాడు. పత్తి మిల్లు మనిషి, మంట కనపడితే బయటికి పరుగెత్తడమే తెలుసు.

“కిందికి కాదయ్యా, పక్క వార్డులోకి! మంచంతోనే తొయ్యి!” అంటూ జమీలా ఆక్సిజన్ వాల్వు కట్టేసింది. “ఈ ఆక్సిజన్ గాలి పట్టిన దుప్పటి మీ పత్తికంటే వేగంగా మండుద్ది!”

మంచాలన్నీ దాటగానే మంటా పొగా ఇటు రాకుండా తలుపు మూసి, యలమందకు అక్కడి సిలిండర్ తగిలించింది.

“ఆడాళ్ల మధ్య పడేశావేంటమ్మా?” అన్నాడాయన ఊపిరి తీసుకుంటూ.

“సిస్టరమ్మా, రోజూ నా క్యారేజీ విసిరేసేది ఇందుకా!” అన్నాడు బాపయ్య.

ఆ రోజు ఎనిమిది మంచాలు కదిలాయి. ఒక్కటీ మెట్లు దిగలేదు.