తేడా కంటికి ఆనదు

మాదాపూర్‌లో ఓ పత్రిక ఫోటోలు భద్రపరిచే కంపెనీలో తిరుపతి పనిచేసేవాడు. తెలంగాణ ఉద్యమ సభల ఫోటోలతో డిస్కులు నిండిపోయాయి. అన్నిటినీ ఒకే సెట్టింగుతో కుదించమన్నారు. క్వాలిటీ తగ్గిస్తూ, ప్రతిసారీ అసలు ఫోటోలతో పోల్చి కొలిచాడు. ఎంత చెడిందో పీఎస్‌ఎన్‌ఆర్ అనే కొలత చెబుతుంది, రూపం ఎంత నిలిచిందో ఎస్‌ఎస్‌ఐఎం చెబుతుంది. క్వాలిటీ నూటికి నలభై దగ్గర ఎస్‌ఎస్‌ఐఎం సగటు 0.96. ఒకటి వస్తే అచ్చం అసలే. "తేడా కంటికి ఆనదు" అని రాసిచ్చాడు. కుదించినవి ఉంచి, అసలు ఫోటోలు చెరిపేశారు.

ఆ నెలలోనే తమ్ముడు ఐలయ్య సభ నుంచి వస్తూ లారీ కింద పడి చనిపోయాడు. చిన్నప్పుడు బడిలో దిగింది తప్ప ఇంట్లో వాడి ఫోటో లేదు. ఓ సభ ఫోటోలో మాత్రం దూరంగా, జెండా పట్టుకుని నవ్వుతున్నాడు. కుదించకముందు తిరుపతి దాన్ని చూసి మురిసిపోయాడు కూడా.

చందానగర్ గదిలో తల్లి కిష్టమ్మ ముందు ల్యాప్‌టాప్‌లో అదే తెరిచాడు.

"జర పెద్దగ చెయ్ బిడ్డా."

చేశాడు. ముఖమంతా చదరపు మచ్చలే. ఆ ఫోటో స్కోరు 0.97. ఆకాశం బాగుంది, మైదానం బాగుంది. గోరంత ముఖం ఏ సగటుకు లెక్క?

కిష్టమ్మ తెర తడిమింది. "అంగీ వానిదే. కండ్లేవిరా?"