గ్యాసుకు కొసరు లేదు

మా గద్వాలలో కూరగాయలు అమ్మేవాళ్లు కొసరు వేయకపోతే కొనేవాళ్లు గంప దగ్గర నుంచి కదలరు. పచ్చిమిర్చి తూకం సరిగ్గా ఉన్నా పైన నాలుగు కాయలు పడాల్సిందే. చాలా ఏళ్లు సంతలో కూర్చున్నదాన్ని కాబట్టి, ఎవరూ అడగకముందే నా చెయ్యి నాలుగు కాయల మీదికి పోయేది.

తర్వాత మా ఆయన రాయచూరు రోడ్డు మీద కారు ఏసీలు బాగుచేసే దుకాణం పెట్టాడు. నేను సంత మానేసి అతనికి తోడుగా వచ్చాను. అప్పటికి కోడలు ఇంటికి వచ్చింది. అక్షరాలు ఆమె దగ్గరే నేర్చుకున్నాను, మొదట తెలుగువి, తర్వాత ఇంగ్లీషువి. తూకం మాత్రం ఎవరూ నేర్పలేదు, అది ముందునుంచీ నాదే. అందుకే దుకాణంలో కాంటా నాకు వచ్చింది. బానెట్ కింద అంటించిన కాగితం చదివి, ఏసీలోకి పోయాల్సింది ఏ గ్యాసు, ఎన్ని గ్రాములు అని పలకడం, అంతే బరువు సిలిండర్ నుంచి దిగేదాకా చూసి ఆపమనడం నా పని.

ఒక ఎండాకాలం పొద్దున ఆత్మకూరు నుంచి ఒకతను వచ్చాడు. కారు కిరాయికి నడుపుతాడు. దిగీ దిగకముందే అన్నాడు:

"అక్కా, జర గ్యాస్ కొట్టించు. ఫుల్ చెయ్యమను అన్నను."

"ఏమైంది తమ్మీ?"

"బీచుపల్లి కాడ హైవే మీద ఉరికేటప్పుడు సల్లగనే వస్తది. యాడన్న ఆపితే సాలు, వేడిగాలి కొడ్తది. ఇయ్యాల మా బిడ్డను ఈ ఊరి దవాఖాన నుంచి ఇడుస్తుండ్రు. మనవడు పుట్టిండు. గంతసేపు గేటుకాడ కారు నిలపాలె గదా. పసిగుడ్డును గా ఉడుకుల ఎట్ల కూసోబెడ్తా?"

బిడ్డ, మనవడు అనేటప్పుడు అతని ముఖం వెలిగిపోయింది. వెంటనే ఏసీ గుర్తొచ్చి మళ్లీ ముడుచుకుంది. మధ్యాహ్నానికి కారు అతని చేతికి రావాలి.

మా ఆయన ముందు ఫ్యాన్ చూశాడు. తిరుగుతోంది. ముందరి జాలీ కూడా శుభ్రంగానే ఉంది. ఒత్తిడి చూపే మీటర్ల గొట్టాలు రెండూ తగిలించి, ఇంజన్ ఆన్ చేయించి ఏసీ వేయించాడు. మీటర్లలో రెండు ముళ్లూ ఉండాల్సినదానికన్నా పైకి ఎక్కాయి. ఎక్కువ ఒత్తిడి చూపే ఎర్ర మీటరు ముల్లు ఇంకా ఎక్కుతూ ఉండగానే టక్కుమని కంప్రెసర్ ఆగిపోయింది.

"ఇంతకుముందు గ్యాస్ ఎవరన్న పోసిండ్రా?" అని అడిగాడు మా ఆయన.

"మొన్న సలువ తగ్గిందని వనపర్తిల ఒకాయన పోసిండు. మళ్ల తగ్గితే మా ఊర్ల ఒకాయన పైప్ పట్టుకొని సూసి ఇంకింత కొట్టిండు."

"ఏం గ్యాస్ కొట్టిండ్రు?"

"గ్యాస్ అంటే గ్యాసే గదన్నా. గండ్ల గూడ రకాలుంటయా?"

మా ఆయన నవ్వాడు. "నీ కార్ల డీజిల్ కు బదులు కిరసనాయిలు పోస్తే ఊకుంటవా?"

నేను తడిగుడ్డతో బానెట్ కింద కాగితం మీద మట్టి తుడిచాను. ఆర్ 134ఏ. నాలుగువందల యాభై గ్రాములు. గట్టిగా చదివాను.

లోపల ఉన్నదాన్ని గాలికి వదలకుండా మిషన్ తో లాగి, కాంటా మీద పెట్టిన వేరే సిలిండర్లోకి పట్టాము. అక్కడక్కడ కొందరు మండే గ్యాసు కూడా కలిపి కొడుతుంటారు. ఏది కలిసిందో మాకు తెలియదు కాబట్టి దాన్ని మళ్లీ ఏ కారుకూ వాడకూడదు. కాంటా ఆగినప్పుడు అంకె ఆరువందలు దాటింది.

"గింత ఎక్కువనా!" అన్నాడతను. "మంచిదే గదా మరి. ఎక్కువుంటే ఎక్కువ సల్లగ రావాలె."

"పాలగిన్నె అంచుదాకా పోసి పొయ్యిమీద పెడ్తవా తమ్మీ?" అన్నాను.

"పొంగిపోదా?"

"గట్లనే ఇది."

మిగిలింది మా ఆయన చెప్పాడు. ముందరి జాలీలో గ్యాసు వేడి వదిలి నీళ్లలాంటి ద్రవంగా మారాలి, లోపలికి పోయి మళ్లీ ఆవిరై చల్లదనం ఇవ్వాలి. ఎక్కువైతే ఆ జాలీలో ద్రవమే నిండిపోయి చోటు ఉండదు, ఒత్తిడి పెరుగుతుంది. కారు ఉరుకుతుంటే ఎదురుగాలి కాస్త కాపాడుతుంది. నిలబడితే ఆ గాలి ఉండదు. ఒత్తిడి హద్దు దాటగానే కంప్రెసర్ పాడవకుండా ఒక స్విచ్ దాన్ని ఆపేస్తుంది. అదే అతని వేడిగాలి.

"మరి వనపర్తాయన గూడ మీటర్ పెట్టే పోసిండు గదా?"

"మీటర్ల ముల్లు పొద్దుగాల ఒక తీరు, ఎండల ఒక తీరు ఉంటది. లోపల ఎన్ని గ్రాములున్నయో అది చెప్పదు. కాంటానే చెప్తది."

ఇంకో మాట కూడా అన్నాడు. గ్యాసు పెట్రోలు లాగా ఖర్చయ్యేది కాదు. తగ్గిందంటే ఎక్కడో కారుతోందని. గొట్టాల్లోకి నైట్రోజన్ ఎక్కించి సబ్బు నురగ రాసుకుంటూ పోయాడు. గ్యాసు ఎక్కించే మూతి దగ్గర చిన్న చిన్న బుడగలు లేచాయి. సైకిల్ ట్యూబుకు ఉండే పిన్ను లాంటిదే అక్కడ ఒకటి ఉంటుంది, అది అరిగింది. కొత్తది వేశాడు. గ్యాసుతో బయటికి వచ్చిన కంప్రెసర్ నూనె ఎంతో కొలిచి, అంత మళ్లీ పోశాడు. తర్వాత పంపు పెట్టి లోపలి గాలి, తేమ అంతా లాగాడు. పంపు ఆపాక కూడా ముల్లు కదలకుండా నిలబడితేనే కారడం ఆగినట్టు.

అప్పటిదాకా ఆగడం కారు తెచ్చినతని వల్ల కాలేదు. గడియారం చూస్తాడు, దవాఖాన దిక్కు చూస్తాడు. బిడ్డ ఫోన్ చేస్తే "వచ్చిన వచ్చిన, దారిలనే ఉన్న" అంటాడు.

"దుకాణంల కూసోని దారిలున్న అంటవా?" అని నేను అంటే, "దుకాణం గూడ దారి మీదనే ఉంది గదక్కా" అన్నాడు.

ముల్లు కదలలేదు. కొత్త గ్యాసు సిలిండర్ కాంటా మీదికి వచ్చింది. నేను అంకె మీద కళ్లు పెట్టి కూర్చున్నాను. నాలుగువందలు, ఇరవై, నలభై, యాభై. "ఆపు" అన్నాను.

"అక్కా, కొసరు!" అన్నాడతను రెండు చేతులూ జోడించి. "ఒక్క ముప్పై గ్రాములెయ్యి. నాకు గాదు, మనవనికి."

మా ఆయన నన్ను చూసి కన్నుకొట్టాడు. "సంతల అడగకున్నా ఏసేదానివి. ఇప్పుడేంది చెయ్యి రాదు?"

చెయ్యి రాలేదన్నది నిజమే. మిరపకాయలైతే ఎదుటివాళ్ల సంచిలో పడి వాళ్లింటికి పోతాయి. ఇది మూసిన గొట్టంలో పడి, ఎక్కడికీ పోలేక కంప్రెసర్ మీద కూర్చుంటుంది.

"మనవనికి కొసరు కావాలంటే ముద్దు పెట్టుపో," అన్నాను. "గ్యాస్ గింతే."

కారును నీడలోంచి ఎండలోకి తీసి, కదలకుండా నిలిపి, ఏసీ వేసి, గాలి వచ్చే చోట థర్మామీటర్ పెట్టాము. మా ఆయన ఎర్ర మీటరు ముల్లు చూస్తూ నిలబడ్డాడు. నేను వెనక సీట్లో కూర్చున్నాను. ఎంతసేపైనా కంప్రెసర్ ఆగలేదు. చెంగు కప్పుకునేంత చలి పుట్టింది. అతను తల లోపలికి పెట్టి, నన్ను దిగమని కూడా అనకుండా "పోతున్న అక్కా" అన్నాడు. నేనే నవ్వుకుంటూ దిగాను.

మధ్యాహ్నం దాటాక ఆ కారే వచ్చి మా దుకాణం ముందు ఆగింది. ఇంజన్ ఆపలేదు. వెనక అద్దం కొంచెం దిగింది. లోపల బాలింత, ఒడిలో పాత చీరముక్కలో చుట్టిన పసివాడు. చల్లగాలి నా ముఖానికి తగిలింది.

"దవాఖాన గేటుకాడ మస్తుసేపు నిలబెట్టిన," అన్నాడతను. "ఏసీ ఒక్కపారి గూడ ఆగలే."

బిడ్డ విసుక్కుంది. "నాయనా, నీకు దండం పెడ్త. జర తక్కువ చెయ్యి, పిలగానికి సలిపెడ్తుంది."

"గట్లనా బిడ్డా!" అని, ఆ మాటకే మురిసిపోతూ, అతను మీట వెనక్కి తిప్పాడు.