అడగని కొసరు

అరకు రోడ్డు పక్కనున్న మా కాఫీ గింజల కొట్టుకి ఏటా వచ్చే విశాఖ మేడం ఈసారి పాత పరిచయం కొద్దీ స్పెషల్ డిస్కౌంట్ అడిగారు. నాకు చిర్రెత్తింది, కానీ నవ్వాను.

“ఈ రేటు మా ఊరి ఆడోళ్లందరం కూకుని కట్టిందమ్మా, నానొక్కదాన్నే తగ్గించలేను. ఇరిగిన గింజలైతే సవగ్గా ఉన్నాయి. పొడి సేసాక తేడా తెల్దు. నేదంటే మంచియ్యే అరకిలో తీసుకోండి.”

ఆవిడ మూతి ముడిచారు. విరిగిన గింజల పొడితోనే కాఫీ కాచి ఇచ్చాను. తాగి, అవే కిలో కట్టమన్నారు. తూచాక మా తోట మిరియాలు చిన్న గుప్పెడు సంచిలో పోశాను.

“ఇదీ డిస్కౌంటే కదా!” అని నవ్వారు ఆవిడ.

“కాదమ్మా. అడిగితే డిస్కౌంటు, అడక్కుండా ఏస్తే కొసరు.”