ఫొటోలో మిగిలిన యాభై వేలు

మా చిన్నమ్మాయి పెళ్ళి గుడివాడలో, కల్యాణమండపంలో. మేముండేదేమో కోడూరులో. మధ్యలో అవనిగడ్డ, పామర్రు దాటి పోవాలి. అందుకని మొదటి మాట బస్సులే అయింది. చుట్టాలకి రెండు బస్సులు చాలనుకున్నాం. అవనిగడ్డలో బస్సుల ఆసామితో బేరమాడి, బస్సుకి ఇరవై రెండు వేలకి ఒప్పించి, పది వేలు చేతిలో పెట్టి వచ్చారు మా ఆయన.

ఖర్చులన్నీ బందరులో ఉండే మా పెద్దల్లుడు కంప్యూటర్లో పట్టిక వేసి ఉంచేవాడు. భోజనాలకి ఇంత, హాలుకి ఇంత, డెకరేషన్‌కి, బస్సులకి, ఫొటోలకి ఇంతింత అని ముందే గీత గీశాం. ఎవరికి డబ్బిచ్చినా అతనికి ఫోన్ చేసి చెప్తే ఎక్కించేవాడు. మా ఆయనకి కంప్యూటరు రాదు గనక, దాన్ని ఫొటో తీసి వాట్సాప్‌లో పంపేవాడు. అదే మా మెడకి చుట్టుకుంది.

ఆ రోజు పొద్దున్నే ఆ ఫొటో తెరిచి, రెండు వేళ్ళతో సాగదీసి సాగదీసి చూస్తూ కేకేశారు.

"ఏమే! బస్సుల లెక్కలో ఇంకా యాభై వేలు మిగిలాయి. ఇదిగో చూడు, మిగిలింది అని ఎంత చక్కగా రాశాడో!"

"మనం బస్సులకి అనుకున్నదే అరవై గదండీ. రెండు బస్సులకి యాభై ఎట్లా మిగిలాయి?"

"అల్లుడు చదువుకున్నవాడే. నీకంటే ఎక్కువ తెలీదూ?"

నిజానికి ఆ యాభై వేల మాట నాకు తీపిగానే ఉంది. మా ఇంట్లో పసుపు దంచడానికి వచ్చింది రైసుమిల్లు సందువాళ్ళు, చర్చి సందువాళ్ళు. పెళ్ళి పనులు మొదలైన నాటినుంచి మా వాకిట్లో వాళ్ళే. వాళ్ళని బండెక్కించకుండా గుడివాడ వెళ్తే నేను మళ్ళీ ఆ సందుల్లో నడవగలనా? "అయితే ఇంకో రెండు బస్సులు పెట్టేద్దాం, సందుకొకటి," అన్నారాయన. ఆయన బస్సులు మాట్లాడటానికి అవనిగడ్డ వెళ్ళారు, నేను కుంకుమ భరిణె పట్టుకుని అప్పుడే బయల్దేరాను. రైసుమిల్లు సందులో ఇంటింటికీ బొట్టు పెట్టి పిలిచాను. చర్చి సందులో బొట్టు పెట్టుకోరు గనక కార్డిచ్చి, చేతులు పట్టుకుని పిలిచాను. "బస్సు మీ సందు మొదట్లోకే వస్తుంది, ఒక్కరు కూడా ఆగకూడదు," అని మరీ చెప్పాను. ఒకావిడ అప్పుడే కూతురి చీరకి జాకెట్టు కుట్టించాలని లెక్కలేసుకుంది.

మధ్యాహ్నం మా ఆయన అవనిగడ్డనుంచి ముఖం వేలాడేసుకుని తిరిగొచ్చారు.

"ఏమైందండీ?"

"ఆ బస్సుల ఆసామి ఏమంటాడో తెలుసా? ముందనుకున్న రెండు బండ్లకే ఇంకా ముప్పై నాలుగు వేలు రావాలండీ, అవి లెక్కలో పెట్టుకునే అడుగుతున్నారా అంటాడు. నలుగురి ముందూ అన్నాడు!"

"మరి మీరేమన్నారు?"

"ఫొటో చూపించాను."

ఆ ఆసామికి మా అల్లుడి ఫొటోతో పనేముంది! నాకు నవ్వు రాలేదు, ఏడుపూ రాలేదు. భరిణె ఇంకా నా చేతిలోనే ఉంది. పిలిచిన పిలుపు వెనక్కి తీసుకునే పద్ధతి మా వైపు లేదు. రెండు సందులు ఎదురు చూస్తున్నాయి.

చిన్నమ్మాయి, అదే పెళ్ళికూతురు, గదిలోంచి వచ్చి ఫోన్ లాక్కుంది. ఫొటో చూసి, "నాన్నా, ఇది సగం పట్టికే. కుడివైపు తెగిపోయింది," అని బావకి ఫోన్ చేసింది. మాట అందరికీ వినపడేట్టు పెట్టింది.

"బావా, 'మిగిలింది' అన్నది నువ్వెట్లా తీశావు?"

"బడ్జెట్‌లోంచి ఇచ్చింది తీసేస్తే వచ్చేదేగా. ఇవ్వాల్సినవి దాని పక్క గడిలో ఉన్నాయి."

"ఆ పక్క గడి ఫొటోలో రాలేదు బావా!"

"అబ్బా, ఫోన్లో పట్టదని కత్తిరించాను. బాకీ ఉన్నవాటికి పసుపు రంగు వేశాను కదా!"

"పసుపు రంగా?" అన్నారు మా ఆయన. "పెళ్ళి కదా, శుభమని వేశావనుకున్నాను."

అల్లుడు దగ్గాడు. "మావయ్యగారూ, రేపు కుడివైపు కూడా పంపిస్తానండీ," అన్నాడు. రేపు కాదు బాబూ, ఇప్పుడే పంపించు అన్నాను. నా గొంతులో మంట అతనికి అర్థమైనట్టుంది, వెంటనే పంపాడు.

అమ్మాయి కాగితం మీద వరసగా వేసింది. బస్సులకి అరవైలో పదిచ్చాం, ముప్పై నాలుగివ్వాలి, నిజంగా మిగిలింది పదహారు. భోజనాలకి పెట్టుకున్నది నాలుగు లక్షలు, ఇచ్చింది లక్షన్నర. ఫొటోలో రెండున్నర లక్షలు మిగిలినట్టు కనబడుతోంది గానీ, ఆరొందల మందికి ఆరొందల చొప్పున ఒప్పుకున్నాం, ఇంకా రెండు లక్షల పదివేలు కట్టాలి. మిగిలేది నలభై వేలు. డెకరేషన్‌లో పది. హాలుకి కట్టేశాం, అక్కడ ఏమీ లేదు. ఫొటోలకి అనుకున్న ఎనభై మొత్తం ఒప్పందం ప్రకారం వాళ్ళకే పోతుంది. అంతా కలిపి అరవై ఆరు వేలు.

"అయితే ఇంకో రెండు బస్సులకి నలభై నాలుగే కదా, సరిపోతాయిగా!" అన్నారు మా ఆయన, మళ్ళీ కళ్ళు వెలిగించుకుని.

"బస్సెక్కిన వాళ్ళు అన్నం తినరా నాన్నా? బస్సుకి యాభై మంది. నూరుమందికి అరవై వేలు."

లక్షా నాలుగు వేలు కావాలి, ఉన్నది అరవై ఆరు. ఒక్క బస్సయితే సరిపోతుంది. కానీ ఏ సందు ఎక్కాలి, ఏ సందు ఆగాలి? "చర్చి సందువాళ్ళకి నేను చెప్తాలే, ఏదో సర్దుకుంటారు," అన్నారు మా ఆయన. నాకు ఒళ్ళు మండింది.

"ఏం చెప్తారు? మా అల్లుడు ఫొటో కత్తిరించాడు, మీరు రావద్దని చెప్తారా? పిలిచింది నేను. పసుపు దంచింది వాళ్ళు!"

ఆయన గుమ్మం వైపు తిరిగి కూర్చున్నారు. అమ్మాయి కాగితం వైపే చూస్తోంది. ఫొటోల గడి దగ్గర పెన్ను ఆపింది.

ఆ గడిలో అమ్మాయికి ఇష్టమైనవి రెండున్నాయి. మండపం మీద ఎగిరి పైనుంచి తీసే డ్రోను, మండపం పక్కన పెద్ద తెర. రెండూ కలిపి నలభై వేలు. స్నేహితురాలి పెళ్ళిలో చూసినప్పటినుంచి ఆ డ్రోను మాటే మాట. ఫొటోల అతనికి అమ్మాయే ఫోన్ చేసింది. "అన్నయ్యా, ఆ రెండూ వద్దు. మామూలు ఫొటోలు, వీడియో చాలు. డబ్బు తగ్గించాలి మరి." ఇంకా వాటికి మనిషిని మాట్లాడలేదు గనక అతను సరేనన్నాడు.

"నువ్వెందుకే వదులుకోవడం, మీ నాన్న చేసినదానికి," అన్నాను.

"పైనుంచి తీస్తే అందరి నడినెత్తులే కనపడతాయి. నాకు వద్దులే," అంది. అబద్ధం. నాకు తెలుసు.

అరవై ఆరుకి ఆ నలభై కలిసి లక్షా ఆరు వేలయ్యాయి. బస్సులూ అన్నాలూ పోను రెండు వేలు. ఆ రెండు వేలూ నాలుగు బండ్ల డ్రైవర్ల బత్తాకి రాసింది. అల్లుడు కొత్త ఫొటో పంపాడు, ఈసారి చివరిదాకా, ఇవ్వాల్సినవి కూడా తీసేసిన లెక్కతో. 'మిగిలింది' కింద ప్రతి గడిలోనూ సున్నా. మా ఆయన సాగదీసి చూసి, "ఇదేంటి, ఏమీ మిగల్లేదు? పాతదే బాగుంది," అన్నారు.

ఆ పాత ఫొటో ఆయన ఫోన్లోంచి నా చేత్తో నేనే తీసేశాను, అమ్మాయి ఎక్కడ నొక్కాలో చూపిస్తే.

పెళ్ళిరోజు రెండు సందుల మొదట్లోనూ బస్సు ఆగింది. ఆ జాకెట్టు కుట్టించినావిడ కిటికీ పక్కన కూర్చుని, చల్లపల్లి దాటేదాకా మా అమ్మాయి కోసం పాట పాడుతూనే ఉందట. ఆల్బమ్‌లో ఒక ఫొటో ఉంది. తలంబ్రాలప్పుడు వెనక వరసలో రెండు సందులూ కలిసిపోయి నిలబడ్డాయి. పైనుంచి తీసింది కాదు. ముఖాలన్నీ కనపడుతున్నాయి.