పోలిక తరగతి లేదు

ప్రేమలత చివరిగా పూర్తి చేసిన రాత పదకొండు పేజీలు. అందులో ఒక్క ఫలితం కూడా లేదు. ఏం వెతకాలి, ఎక్కడ వెతకాలి, దొరికిన వాటిలో దేన్ని ఉంచుకోవాలి, దేన్ని వదిలేయాలి, ఇవే ఉన్నాయి. వెతకడం మొదలుపెట్టక ముందే ఇదంతా రాసి, తారీకుతో సహా అందరికీ కనబడే చోట నమోదు చేయాలట. తర్వాత మనసు మార్చుకుంటే దొరికిపోవాలి. దాన్ని ప్రోటోకాల్ అంటారు.

నా భార్య ఆమె. కేసముద్రం దగ్గర ఒక సర్కారు జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెప్పేది. పొద్దున వరంగల్ స్టేషన్‌లో బండెక్కడం, సాయంత్రం దిగడం, ఇరవై రెండేళ్లు. యాభై దాటాక పార్ట్‌టైమ్ పీహెచ్‌డీలో చేరింది. డిగ్రీ కాలేజీలో తెలుగు చెప్పి రిటైరైన నాకు ఆ వయసులో ఈ చదువెందుకో అర్థం కాలేదు. అడిగితే, "ఊకె చెప్పుకుంట పోతాన. నేను చెప్పేది పనికొస్తాందో లేదో తెలువద్దా?" అంది.

ఆమె పరిశోధన ఫ్లిప్డ్ క్లాస్‌రూమ్ మీద. పాఠాన్ని పిల్లలు ఇంట్లో వీడియోలో చూసి రావాలి. క్లాసులో లెక్కలు చేయాలి, సందేహాలు తీర్చుకోవాలి. తన కాలేజీలో ఒకసారి చేసి చూసింది కూడా. ఎంపీసీ సెకండియర్‌లో నలభై ఒక్క మంది. సగం ఇళ్లలో ఒకటే ఫోను, అది తండ్రితో మార్కెట్ యార్డుకు పోయేది. అందుకని తన గొంతుతో రికార్డు చేసిన పాఠాలను మెమరీ కార్డుల్లో ఎక్కించి పంచింది. తండ్రి ఇంటికి వచ్చి అన్నం తినేంతసేపు ఫోను పిల్లలది. ఆ ఏడాది మార్కులు పెరిగాయి. ఒక పేపర్ రాసింది, ఓ చిన్న పత్రికలో అచ్చయింది. దాన్ని పక్కింటి శోభారాణికి కూడా చూపించింది. ఆమె అంత గర్వంగా చూపించుకున్న వస్తువు మా ఇంట్లో ఇంకోటి లేదు.

ఇంటర్ స్థాయిలో ఈ పద్ధతి మీద ప్రపంచంలో వచ్చిన పరిశోధనలన్నీ ఒక్కచోట చేర్చి తూకం వేయాలన్నది తర్వాతి పని. తోడుగా సింధు అనే రిసెర్చ్ స్కాలర్ ఉండేది. మా భోజనాల బల్ల మీద వాళ్ల కాగితాలు పరిచి ఉండేవి, నేను కంచం ఒళ్లో పెట్టుకొని తినేవాణ్ణి.

వెతికే మాటలకే నెల పట్టింది. ఫ్లిప్డ్ క్లాస్‌రూమ్, ఫ్లిప్డ్ లర్నింగ్, ఇలాంటివన్నీ ఒక గుంపు. వాటిలో ఏదో ఒకటి ఉంటే చాలు. హయ్యర్ సెకండరీ, పదకొండో తరగతి వంటివి ఇంకో గుంపు. రెండు గుంపుల నుంచీ చెరో మాటైనా ఉన్న పేపరే రావాలి. తనకు ముందే తెలిసిన ఆరు పేపర్లు పక్కన పెట్టుకొని, నమూనా వెతుకులాటలో అవి వస్తాయో లేదో చూసింది. నాలుగే వచ్చాయి. రాని వాటిలో ఒకటి ఇదే పద్ధతిని ఇన్వర్టెడ్ అన్నది, ఇంకోటి సీనియర్ సెకండరీ అన్నది. ఆ మాటలూ చేర్చింది. మన ఇంటర్మీడియట్ అన్న మాట ఒక్కటే పెడితే, దానికి మధ్యరకం అనే అర్థం పట్టుకొని, ఇంగ్లిష్ మధ్యస్థంగా వచ్చిన వాళ్ల మీద రాసిన పేపర్లు వేలకొద్దీ వచ్చి పడ్డాయి.

"సముద్రంల వల ఏసినట్టున్నది మేడం," అంది సింధు.

"చేపలు గాదు బిడ్డా, అన్నీ చెప్పులే వస్తానయ్," అంది ప్రేమలత.

అప్పటికే ఆమె కాళ్లు వాచేవి. బీపీ మాత్ర వేసుకుందో లేదో నేను అడగాలి. అడిగితే విసుక్కునేది.

నియమాలు రాశాక ఒక ఆదివారం నా ముందు ఇరవై కాగితాలు పెట్టింది. ఒక్కోదాని మీద ఒక పేపరు సారాంశం. రాసిన వాళ్ల పేర్లు తీసేసింది.

"ఇంగ్లిష్ ఒచ్చి సబ్జెక్ట్ రాని మనిషి గావాలె. నేను రాసిన రూల్స్ సాఫ్‌గ ఉన్నయో లేవో తెలుస్తది. లోపలికి, బయటికి, అనుమానం. మూడిట్ల ఒకటి రాయుండ్రి. సింధుది చూడొద్దు."

"కాపీ కొట్టే వయసా నాది?"

"మీ పరీక్షలన్నీ ఎట్ల పాసైండ్రో నాకు తెల్వదా?"

నియమాలు నాలుగే. పదకొండు, పన్నెండు తరగతుల పిల్లలు. క్లాసుకు ముందు ఇంట్లో పాఠం, క్లాసులో అభ్యాసం. మామూలు పద్ధతిలో చదివిన ఇంకో తరగతితో పోలిక. మార్కుల లెక్క. సింధు బల్లకు ఆ చివర, నేను ఈ చివర.

పోల్చి చూస్తే పద్దెనిమిదింట్లో ఇద్దరం ఒకటే రాశాం. అమెరికా కాలేజీ పేపరొకటి నేను లోపలికి పంపాను. అక్కడ కాలేజీ అంటే పన్నెండు దాటాకేనట. ప్రేమలత వెంటనే ఆ నియమంలో పిల్లల వయసు కూడా చేర్చింది. రెండోదాన్ని నేను బయటికి అన్నాను, సింధు అనుమానం అంది.

"దీంట్ల ఒకటే తరగతి ఉన్నట్టుంది కదా," అన్నాను నేను.

"ఉన్నట్టుంది అంటే సరిపోదు సార్. రెండో తరగతి లేదని సాఫ్‌గ రాయలే," అంది సింధు.

"పిల్లనే కరెక్ట్. అనుమానముంటే బయటికి తోయొద్దు, పూర్తి పేపర్ చదవాలె," అంది ప్రేమలత. కాగితాన్ని కాసేపు చూసి, "చదివినా బయటికే పోతది," అంది.

"నీకెట్ల తెలుసు?"

"రాసింది నేనే గాబట్టి."

సింధు తల దించుకుంది. నేను కాగితం మళ్లీ చదివాను. సారాంశంలో మెమరీ కార్డుల ఊసు లేదు. ఉంటే గుర్తుపట్టేవాణ్ణి.

"ఆ మూడో నియమం జర సడలించరాదూ," అన్నాను. వాళ్ల గైడు రాజేశ్వర్ రావు గారు కూడా వారం తర్వాత అదే మాట అన్నారట. మన పేపరే మన దాంట్లో లేకుంటే ఎట్లమ్మా, అని.

"పరీక్షలు దగ్గరికొస్తే ఎట్లైనా మార్కులు పెరుగుతయ్," అంది ప్రేమలత నాకు జవాబుగా. "నా వీడియోల వల్లనే పెరిగినయని నేనెట్ల చెప్పాలె? పక్క తరగతి ఉంటే చెప్పేదాన్ని. మా కాలేజీల ఉన్నదే ఒక్క సెక్షన్. నాకోసం రూల్ మారిస్తే, గసొంటియన్నీ ఒస్తయ్. ఇగ తూకమెందుకు?"

కోపంగా అనలేదు. అలసిపోయి అంది. ఆ సాయంత్రం చాలాసేపు బాల్కనీలో కూర్చుంది. నేను చాయ్ పెట్టి ఇస్తే, చల్లారాక తాగింది.

జూన్‌లో ప్రోటోకాల్ నమోదు చేసింది. ఆగస్టులో కాలేజీ స్టాఫ్ రూములో పడిపోయింది. దవాఖానకు చేరేసరికి అయిపోయింది. అసలు వెతుకులాట ఇంకా మొదలు కాలేదు.

సింధు పని ఆపలేదు. గైడు దగ్గరి ఇంకో స్కాలర్ చైతన్యను రెండో మనిషిగా పెట్టుకుంది. ఫిబ్రవరిలో ఫోన్ చేసింది. పన్నెండు వందల పైచిలుకు పేపర్లు వచ్చాయట. అరవై మూడు పూర్తిగా చదివారు, పంతొమ్మిది మిగిలాయి.

"మేడం పేపర్..." అని ఆగాను.

"అనుమానంల పెట్టి పూర్తిగ చదివినం సార్."

"ఏదన్న చేయరాదా బిడ్డా? ఆమె మొదలువెట్టిన పని."

"ప్రోటోకాల్‌ల సవరణ చేయొచ్చు సార్. తారీకేసి, కారణం రాసి పెట్టాలె. ఏం కారణం రాయమంటరో చెప్పుండ్రి. రాస్త."

పరిహాసం కాదు. నిజంగానే రాస్తానంది. నేను వెతికాను. నా దగ్గరున్న కారణం ఒక్కటే, అది ఆ పదకొండు పేజీల్లో ఎక్కడా పట్టదు.

"ఒద్దు. గట్లనే ఉండనీ," అన్నాను.

పూర్తిగా చదివి వదిలేసిన పేపర్లన్నిటికీ కారణాలతో పట్టిక ఇవ్వాలట. పేరు సరిగ్గా పడిందో లేదో చూడమని సింధు ఆ పేజీ పంపింది. నలభై నాలుగు వరుసల్లో ముప్పై ఒకటోది ఆమెది. పేరు, సంవత్సరం, ఎదురుగా కారణం: పోలిక తరగతి లేదు.

అద్దాలు తుడుచుకొని రెండుసార్లు చదివాను. అంతా సరిగ్గానే ఉందని సింధుకు జవాబు పెట్టాను.